వైర్‌లెస్ ఛార్జింగ్ ఆగుతూ సాగుతూ ఉంటే కారణం వెతికిన తీరు

నా ఛార్జింగ్ ప్యాడ్ మీద ఫోన్ పెట్టగానే ఛార్జింగ్ మొదలయ్యేది, కాసేపటికి ఆగిపోయేది, ఎవరూ ముట్టుకోకుండానే మళ్లీ మొదలయ్యేది. రాత్రంతా ప్యాడ్ మీదే ఉన్నా తెల్లవారేసరికి బ్యాటరీ నిండేది కాదు.

మొదట ఫోన్ కవర్‌ను అనుమానించాను. ప్యాడ్‌లోని తీగచుట్టకూ ఫోన్ వెనుక ఉన్న తీగచుట్టకూ మధ్య దూరం పెరిగేకొద్దీ శక్తి బదిలీ బలహీనపడుతుంది. కవర్ మందం సుమారు 3 మిల్లీమీటర్ల లోపు ఉంటే సాధారణంగా ఇబ్బంది రాదు, 5 దాటితే చాలా ప్యాడ్లు సరిగా పనిచేయవు. కవర్‌కు ఇనుప రేకు అంటించి ఉంటే పలుచనిదైనా పనికిరాదు, ఎందుకంటే ప్యాడ్ దానిని అడ్డువస్తువుగా గుర్తించి ఆగిపోవచ్చు, లేదా రేకే వేడెక్కవచ్చు. నా కవర్‌లో లోహమేదీ లేదు, అయితే కాస్త మందమైనదే. దానిని తీసి చూస్తే ఛార్జింగ్ ఆగడం తగ్గింది గాని పూర్తిగా పోలేదు.

తరువాత ఫోన్ స్థానం చూశాను. ఫోన్‌ను అటూ ఇటూ కొద్దికొద్దిగా జరుపుతూ, ఛార్జింగ్ నిలకడగా సాగే చోటికి గుర్తు పెట్టుకున్నాను. సందేశం వచ్చి ఫోన్ కంపించినప్పుడు నునుపైన ప్యాడ్ మీద అది మెల్లగా జారుతుంది కాబట్టి కంపనాన్ని ఆపేశాను. మరికొంత మెరుగైంది, అయినా అంతరాయాలు మిగిలాయి.

అసలు ఆధారం ఆ మిగిలిన అంతరాయాలలోనే దొరికింది. బ్యాటరీ బాగా తగ్గి ఉన్నప్పుడు ఛార్జింగ్ తరచూ ఆగేది, నిండుతున్నకొద్దీ ఆగడం తగ్గిపోయేది. పైగా ఆగిన ప్రతిసారీ ప్యాడ్ దీపం, ప్లగ్ పెట్టిన క్షణంలో వెలిగినట్లే, ఆరి మళ్లీ వెలిగేది. అంటే ప్యాడ్‌కే విద్యుత్తు చాలక అది తిరిగి మొదలవుతోందన్నమాట. ఖాళీ బ్యాటరీ ఎక్కువ శక్తి అడుగుతుంది, నిండబోయేది తక్కువతో సరిపెట్టుకుంటుంది.

అడాప్టర్ మీద అక్షరాలు చదివితే 5 వోల్టులు, 1 ఆంపియర్ అని ఉంది, అంటే 5 వాట్లు మాత్రమే. ప్యాడ్ అడుగున మాత్రం 9 వోల్టులు, 2 ఆంపియర్లు కావాలని రాసి ఉంది. వైర్‌లెస్‌లో కొంత శక్తి వేడిగా పోతుంది కాబట్టి ఆ 5 వాట్లలోనూ ఫోన్‌కు చేరేది ఇంకా తక్కువే. కవర్ మందమైనా, ఫోన్ పక్కకు జరిగినా, అదే శక్తిని అందించడానికి ప్యాడ్ మరింత విద్యుత్తు లాగుతుంది, ఆ భారానికి అడాప్టర్ వోల్టేజి పడిపోతుంది. మొదటి రెండు మార్పులూ సగం ఫలితమే ఇవ్వడానికి కారణం ఇదే.

ప్యాడ్ కోరిన 9 వోల్టులను ఇవ్వగల 18 వాట్ల అడాప్టర్‌ను, దానితోపాటు సన్నని పొడుగాటి కేబుల్‌కు బదులు పొట్టి మంచి కేబుల్‌ను పెట్టాక పాత కవర్‌తోనే ఛార్జింగ్ ఆగకుండా సాగింది. ఫోన్ బాగా వేడెక్కినప్పుడు మాత్రం ఇప్పటికీ కొంతసేపు నెమ్మదిస్తుంది, కాని అప్పుడు ప్యాడ్ దీపం ఆరిపోదు. అది ఫోన్ తన బ్యాటరీని కాపాడుకోవడానికి తీసుకునే జాగ్రత్త, దానికి అడాప్టర్ మార్చి ప్రయోజనం లేదు.