లిక్విడేషన్ హీట్‌మ్యాప్, నా స్టాప్, సపోర్ట్ వాళ్ల కాపీ పేస్ట్ జవాబులు – నా అనుభవం

నా క్రిప్టో ఎక్స్ఛేంజ్ వాళ్లతో సపోర్ట్ చాట్ ఇప్పుడే ముగిసింది, ఇంకా ఒళ్లు మండుతోంది, అందుకే వెంటనే రాస్తున్నా.

హీట్‌మ్యాప్ చదవడం పెద్ద కష్టమేం కాదు. ఒక ధర దగ్గర ఓపెన్ ఇంట్రెస్ట్, అంటే ఇంకా మూయని పొజిషన్ల మొత్తం, పెరిగితే అక్కడ కొత్త పొజిషన్లు పడ్డాయని లెక్కేసి, లెవరేజ్ ఇంత ఉంటుందని ఊహించి, ఎక్కడ లిక్విడేట్ అవుతాయో, అంటే నష్టం ఎక్కువై ఎక్స్ఛేంజే వాటిని ఎక్కడ మూసేస్తుందో, రంగులో చూపిస్తారు. అంటే అది అంచనానే. లక్ష డాలర్ల దగ్గర బిట్‌కాయిన్ పెరుగుతుందని 50x లాంగ్ తీసుకున్నవాడికి 2 శాతం మార్జిన్, అందులో మెయింటెనెన్స్ ఓ అర శాతం తీసేస్తే 98,500 దగ్గర పని అయిపోతుంది. నా మ్యాప్‌లో పసుపు గీత కూడా సరిగ్గా అక్కడే ఉంది. నేను తక్కువ లెవరేజ్‌తో లాంగ్ తీసుకుని, ఆ గీతకి కింద 98,350లో స్టాప్ పెట్టా.

ధర జారింది, 98,300 తాకింది, నా స్టాప్ ఎగిరిపోయింది, కాసేపట్లోనే మళ్లీ 99,500. కానీ మార్క్ ప్రైస్ చార్ట్ తీసి చూస్తే కనిష్ఠం 98,450! మరి నా స్టాప్ ఎలా కొట్టింది? సపోర్ట్‌ని అడిగితే "మార్కెట్ ఒడిదొడుకులు సహజం సార్" అని అదే పేరా మళ్లీ మళ్లీ అంటించారు, స్క్రీన్‌షాట్ పంపితే "రిస్క్ గురించి చదువుకోండి" అని లింక్ ఇచ్చారు, చిన్నపిల్లాడికి చెప్పినట్టు! చివరికి ఇంకో ఆయన వచ్చి ఒక్క ముక్కలో తేల్చాడు: లిక్విడేషన్ మార్క్ ప్రైస్ మీద జరుగుతుంది, స్టాప్ మాత్రం డిఫాల్ట్‌గా లాస్ట్ ప్రైస్ మీద, అంటే అక్కడ చివరిగా జరిగిన ట్రేడ్ ధర మీద, ట్రిగ్గర్ అవుతుంది. ఈ మాట ఆర్డర్ స్క్రీన్ మీదే పెద్దక్షరాల్లో రాసి పెట్టాలి కదా!

అప్పుడు మొత్తం అర్థమైంది. మార్క్ 98,500 దాటగానే ఆ 50x లాంగ్‌లన్నీ ఎక్స్ఛేంజే బలవంతంగా మార్కెట్‌లో అమ్మేసింది. ఆ అమ్మకాల దెబ్బకి ఆ ఒక్క ఎక్స్ఛేంజ్‌లో లాస్ట్ ప్రైస్ ఇంకా కిందికి దిగింది, మార్క్ ప్రైస్ మాత్రం వేరే ఎక్స్ఛేంజ్‌ల ధరలు కూడా కలిపి లెక్కేసేది కాబట్టి అంత దిగలేదు. పెద్ద మొత్తంలో కొనాలనుకునేవాడికి అంత సరుకు ఒకేసారి దొరికేది అలాంటి చోటే. బలవంతపు అమ్మకం అయిపోయాక అమ్మేవాడు లేడు, కొనేవాడు ఉన్నాడు, ధర పైకి లేచింది. ప్రతిసారీ ఎవరో కుట్ర చేయక్కర్లేదు, టెలిగ్రామ్ గురువులు ఎన్ని కథలు చెప్పినా సరే.

ఇది గీతని ఊడ్చేసి వెనక్కి వచ్చే స్వీపా, నిజంగా పడిపోవడమా అనేది ఓపెన్ ఇంట్రెస్ట్ చెబుతుంది. ధర గీత దాటినప్పుడు ఓఐ ఒక్కసారిగా పడిపోయి, ధర వెంటనే గీత పైకి వస్తే ఊడ్చేసినట్టే. కింద నిలబడి ఓఐ పెరుగుతుంటే కొత్త షార్ట్‌లు వస్తున్నాయి, అక్కడ కొనకండి. రంగుని కూడా గుడ్డిగా నమ్మొద్దు, 24 గంటల మ్యాప్‌లో మెరిసే గీత వారం మ్యాప్‌లో వెలవెలబోవచ్చు, ఎందుకంటే ఆ స్కేల్ ఆ విండోలోని పెద్ద గుంపుతో పోల్చి వేసేది. నేనైతే ఇప్పుడు రెండూ పక్కపక్కన తెరుస్తున్నా, స్టాప్ ట్రిగ్గర్‌ని మార్క్ ప్రైస్‌కి మార్చేశా, గీతకి ఆనుకుని కాకుండా బాగా కింద పెట్టి దానికి తగ్గట్టు సైజు తగ్గిస్తున్నా.