నియ్యత్ హదీసు సనదు వెతికిన నా అనుభవం

మా మసీదులో ఆదివారం ఇషా నమాజు అయ్యాక పదిమంది పిల్లల్ని కూర్చోబెట్టి తెలుగులో హదీసులు చెప్తుంటాను. ఇమాం నవవీ గారి నలభై హదీసులు మొదలుపెట్టాం కాబట్టి మొదటి పాఠం అందరికీ తెలిసిన నియ్యత్ హదీసే. "ఇన్నమల్ అఅమాలు బిన్నియ్యాత్", అంటే పనులన్నీ సంకల్పాలను బట్టే, ప్రతి మనిషికీ తాను సంకల్పించుకున్నదే దక్కుతుంది. ఎవరి హిజ్రత్ అల్లాహ్ కోసం, ఆయన ప్రవక్త కోసమో అది వాళ్ల కోసమే అవుతుంది. ఎవరు లోకంలో ఏదో సంపాదించుకోవాలనో, ఒక స్త్రీని పెళ్లి చేసుకోవాలనో వలస వెళ్లారో వాళ్ల వలస దానికే చెల్లుతుంది.

ఇది చెప్పి, వెంటనే నేను చిన్నప్పటి నుంచి విన్న కథ కూడా చెప్పాను. మక్కాలో ఒకతను ఉమ్మె ఖైస్ అనే ఆవిడను పెళ్లాడతానన్నాడు, హిజ్రత్ చేస్తేనే చేసుకుంటానని ఆవిడ అంది, అతను అందుకే మదీనా వెళ్లాడు, అతన్ని ఉద్దేశించే ప్రవక్త (స) ఈ మాట అన్నారు అని. పిల్లలకు నచ్చింది. ఇంటర్ చదివే కుర్రాడొకడు మాత్రం పుస్తకం మూసేస్తూ, "అన్నా, ఆ కథ ఈ హదీసులోనే ఉందా, వేరే ఎక్కడైనా ఉందా?" అని అడిగాడు. నా దగ్గర జవాబు లేదు. వచ్చే వారం చెప్తానన్నాను. తర్వాత రెండు నెలలు నేను చేసిన పని ఆ ప్రశ్న వల్లే.

మా హజ్రత్ దగ్గరికి వెళ్తే ఆయన జవాబు చెప్పలేదు, పని చెప్పారు. "ముందు కథ సంగతి వదిలెయ్ బాబూ. హదీసు సనదు, అంటే అది ఎవరి నోటి నుంచి ఎవరికి వచ్చిందో రాసుకుని తీసుకురా. బుఖారీలో ఒక్కచోటే కాదు, అన్నిచోట్లా చూడు." నాకు అరబీ చదవడం వచ్చు కానీ నెమ్మది, ఒక పేజీకి అరగంట పడుతుంది. ఒక పెద్ద చార్టు కొని, కింద ఇమాం బుఖారీ పేరు, పైన ప్రవక్త (స) పేరు రాసి, మధ్యలో ఎవరెవరున్నారో నింపుతూ వచ్చాను.

బుఖారీ గారి హదీసు సంకలనం సహీహ్‌లో ఈ హదీసు ఏడుచోట్ల ఉంది. 1, 54, 2529, 3898, 5070, 6689, 6953 నంబర్లు. ఏడు వేర్వేరు అధ్యాయాలు. విశ్వాసం, బానిస విముక్తి, హిజ్రత్, నికాహ్, ప్రమాణాలు, చివరికి చట్టంలో కిటుకులు వెతికే హియల్ అధ్యాయంలో కూడా. ఏడుచోట్లా ఆయనకు చెప్పిన గురువు వేరు. మొదటిచోట హుమైదీ, 54లో అబ్దుల్లాహ్ బిన్ మస్లమా, 3898లో ముసద్దద్, ఇలా. ఆ గురువుల పైన మాలిక్, సుఫ్యాన్ బిన్ ఉయైనా, సుఫ్యాన్ సౌరీ, హమ్మాద్ బిన్ జైద్, అబ్దుల్ వహ్హాబ్. ఇంతవరకు చార్టు చెట్టు కొమ్మల్లా విచ్చుకుని ఉంది. ఆ పైకి వెళ్లేసరికి కొమ్మలన్నీ ఒక్క పేరు దగ్గర కలిసిపోయాయి, యహ్యా బిన్ సయీద్ అన్సారీ. ఆయన పైన ముహమ్మద్ బిన్ ఇబ్రాహీం తైమీ, ఆయన పైన అల్ఖమా బిన్ వఖ్ఖాస్ లైసీ, ఆయన పైన ఉమర్ (రజి). అంతే. నాలుగు మెట్లలో ఒక్కో మెట్టు మీద ఒక్కో మనిషి. ముస్లిం, అబూదావూద్, తిర్మిజీ, నసాయీ, ఇబ్నె మాజా గార్ల సంకలనాలు కూడా చూశాను, అన్నీ ఆ ఒంటి దారానికే వచ్చి చేరాయి.

నిజం చెప్పాలంటే నాకు టెన్షన్ వచ్చింది. ఇంత పేరున్న హదీసు, ఇమాం షాఫియీ లాంటి వారు జ్ఞానంలో మూడోవంతు అన్న హదీసు, ఒక్కొక్క మనిషి మీద నిలబడి ఉందా అని. పైగా 1వ నంబరులోనే ఉంది, ఉమర్ (రజి) దీన్ని మసీదులో ప్రసంగించే మెట్ల పీఠం, మింబర్ మీద నుంచి చెప్తుంటే విన్నానని అల్ఖమా అంటారు. మసీదు నిండా జనం విని ఉంటారు కదా, మరి మిగతావాళ్లు ఏరీ?

హజ్రత్‌ని అడిగితే, "విన్నవాళ్లు ఎంతమందైనా ఉండొచ్చు, పేరు చెప్పి, గురువు చెప్పి మన దాకా అందించినవాళ్లనే మనం లెక్కపెడతాం" అన్నారు. ఇలా ఒక్కరి ద్వారానే వచ్చినదాన్ని గరీబ్ అంటారని, గరీబ్ అంటే బలహీనం అని కాదని, ఆ ఒక్కరు నమ్మదగినవారా, పై మనిషిని కలిసి విన్నారా అన్నదే ప్రశ్న అని వివరించారు. ప్రతి మెట్టులో ఇద్దరు ఉంటేనే బుఖారీ తీసుకున్నారని వాదించినవాళ్లు ఉన్నారట. వాళ్లకు ఈ మొదటి హదీసే జవాబు. అంతెందుకు, ఆయన పుస్తకంలో చివరి హదీసు, నాలుక మీద తేలికగా, త్రాసులో బరువుగా ఉండే రెండు మాటల హదీసు, అదీ ఇలా ఒంటి దారంతో వచ్చిందే.

అయితే ఉమర్ (రజి) కింద ఉన్న ఆ ముగ్గురు మనుషులు ఎవరో చూడాలి. దానికి ఇబ్నె హజర్ గారి తహ్జీబుత్ తహ్జీబ్ తెరిచాను. హదీసు చెప్పినవాళ్ల గురించి ఎవరేమన్నారో పేరు పేరునా రాసిన పుస్తకం, 12 సంపుటాలు. మొదటి పేజీ చూసి కాసేపు అలాగే ఉండిపోయాను. వందేళ్ల కిందట దీన్ని అచ్చువేసింది మన హైదరాబాద్‌లోని దాయిరతుల్ మఆరిఫ్. నేను పుట్టిన నేల మీద అచ్చయిన పుస్తకంలో మదీనా మనుషుల గురించి వెతుకుతున్నానన్న మాట.

యహ్యా బిన్ సయీద్ మదీనాలో ఖాజీ, ఇమాం మాలిక్‌కు గురువు, హిజ్రీ 143 లేదా 144లో చనిపోయారు. ఆయన మీద ఎవరికీ అనుమానం లేదు. అల్ఖమా కూడా నమ్మదగినవారే. మధ్యలో ఉన్న ముహమ్మద్ బిన్ ఇబ్రాహీం దగ్గర నేను ఆగాను. ఎక్కువమంది ఆయన్ని నమ్మదగినవారే అన్నారు, కానీ ఇమాం అహ్మద్ మాత్రం ఆయన హదీసుల్లో ఏదో ఉందని, ఎవరూ చెప్పనివి కొన్ని చెప్తారని అన్నట్టు అందులో రాసి ఉంది. దాన్ని దాచిపెట్టకుండా రాశారు చూడండి, అది నాకు చాలా ధైర్యమిచ్చింది. అదే ఇమాం అహ్మద్, ఇస్లాంకు మూలమైన మూడు హదీసుల్లో ఇదొకటి అన్నారు. అంటే ఆ మనిషి మీద ఒక మాట అన్నా, ఈ హదీసు వరకు ఆయనకు సందేహం లేదు.

ఇక్కడిదాకా వచ్చాక ఇంకో దారి కనబడింది, మొదట చాలా సంబరపడ్డాను. ఇదే హదీసును అబ్దుల్ మజీద్ బిన్ అబీ రవ్వాద్ అనే ఆయన మాలిక్ నుంచి చెప్తారు. అందులో దారి వేరు, మాలిక్, జైద్ బిన్ అస్లమ్, అతా బిన్ యసార్, అబూ సయీద్ ఖుద్రీ (రజి). హమ్మయ్య, ప్రవక్త (స) సహచరుల్లో రెండోవారు, రెండో సహాబీ దొరికారు, ఒంటి దారం కాదు అనుకుని చార్టు మీద పచ్చ పెన్నుతో గీత కూడా గీశాను. హజ్రత్ చూసి, "మాలిక్ దగ్గర ఇదే హదీసు విన్న మిగతా శిష్యులు ఏం చెప్పారో పక్కన రాయి" అన్నారు. రాశాను. ఖఅనబీ అని పిలిచే అబ్దుల్లాహ్ బిన్ మస్లమా, యహ్యా బిన్ ఖజఆ, ముహమ్మద్ షైబానీ, అందరూ మాలిక్ నుంచి యహ్యా బిన్ సయీద్ దారే చెప్పారు. అబ్దుల్ మజీద్ ఒక్కరే వేరు.

అప్పుడు హజ్రత్ చెప్పిన మాట నేను మర్చిపోను. మాలిక్, జైద్, అతా, అబూ సయీద్ అన్నది బాగా నలిగిన దారి, ఆ వరసలో హదీసులు ఎన్నో ఉన్నాయి. మాలిక్ పేరు నోట్లోకి రాగానే మిగతా మూడు పేర్లు వాటంతట అవే వచ్చేస్తాయి, రోజూ ఇంటికెళ్లే దారిలో కాళ్లు వాటంతట అవే మలుపు తిరిగినట్టు. తప్పు చేసేవాడు ఎప్పుడూ అలవాటైన దారిలోకే జారతాడు, అరుదైన దారిలోకి జారడు. కాబట్టి పదిమంది అరుదైన దారి చెప్పి, జ్ఞాపకశక్తిలో అంత గట్టి కాని ఒక్కరు అలవాటు దారి చెప్తే, అది రెండో సాక్ష్యం కాదు, పొరపాటు. పెద్ద పెద్ద హదీసు పండితులు కూడా దీన్ని పొరపాటనే తేల్చారు. ఆ పచ్చ గీత మీద అడ్డగీత గీశాను. అది గీస్తున్నప్పుడే మిగిలిన ఒంటి దారం మీద నాకు నమ్మకం పెరిగింది. రెండో దారి కావాలని ఎంత ఆశ ఉన్నా, తప్పుగా వచ్చినదాన్ని వాళ్లు పక్కన పెట్టేశారు కదా. అల్ ఖత్తాబీ లాంటి వారు ఇది ఉమర్ (రజి) ద్వారా తప్ప సరిగ్గా రాలేదని రాసింది కూడా ఇలా వడగట్టాకే.

యహ్యా తర్వాత మాత్రం ఈ హదీసు వరదలా పారింది. ఆయన దగ్గర విన్నవాళ్లు 700 మంది అని ఒకరు అన్నారు. ఇబ్నె హజర్ ఊరికే ఒప్పుకోలేదు, తాను వెతికితే వంద దారులు కూడా పూర్తి కాలేదని రాశారు.

ఈ పనిలోనే ఇంకొకటి గమనించాను, అది కంటికి కనబడేదే. 1వ నంబరు హదీసులో ఒక వాక్యం లేదు. "ఎవరి హిజ్రత్ అల్లాహ్ కోసం, ప్రవక్త కోసమో" అన్న భాగం అక్కడ రాదు, నేరుగా లోకం కోసం వలస వెళ్లినవాడి మాటకు వెళ్లిపోతుంది. నా ప్రింటులో పొరపాటేమో అనుకుని వేరే ప్రతి తెచ్చి చూశాను, అందులోనూ లేదు. 54లో ఉంది. బుఖారీకి చెప్పిన హుమైదీ గారి సొంత హదీసు సంకలనం ముస్నద్‌లో కూడా ఉంది. పుస్తకం మొదట్లో తన సంకల్పం గొప్పదని తానే చెప్పుకున్నట్టు ఉండకూడదని బుఖారీ దాన్ని వదిలారని కొందరు అంటారు. నాకు ఆ వివరణ నచ్చింది, కానీ అది పండితుల ఊహే, బుఖారీ స్వయంగా చెప్పింది కాదని పిల్లలకు చెప్పాను.

ఇక ఉమ్మె ఖైస్ కథ. అది ఉంది, కట్టుకథ కాదు. తబరానీ గారి పుస్తకంలో ఇబ్నె మస్ఊద్ (రజి) ద్వారా వచ్చింది, మాలో ఒకతను ఆవిడ కోసం హిజ్రత్ చేశాడు, అతన్ని ఉమ్మె ఖైస్ ముహాజిర్ అని పిలిచేవాళ్లం అని. సనదు గట్టిదే. కానీ అందులో నియ్యత్ హదీసు ప్రస్తావనే లేదు, ప్రవక్త (స) అతని వల్ల ఈ మాట అన్నారని ఎవరూ అందులో చెప్పలేదు. ఇబ్నె రజబ్, ఇబ్నె హజర్ ఇద్దరూ ఇదే చెప్పారు. హదీసులో స్త్రీ మాట ఉంది, కథలో స్త్రీ ఉంది, తర్వాతివాళ్లు రెంటినీ కలిపేశారు. నేనూ అదే కలిపి చెప్పాను.

మధ్యలో నమాజుకు ముందు చేసే వుజూ గురించి కూడా ఒక సందేహం తీరింది. చెరువులో ఈత కొట్టి బయటికొచ్చినవాడికి ముఖం, చేతులు, కాళ్లు, తల అన్నీ తడిశాయి, వుజూ చేస్తున్నానన్న తలంపు మాత్రం లేదు. మా హనఫీలు అతని వుజూ చెల్లుతుంది, పుణ్యం మాత్రం లేదంటారు. హైదరాబాద్ బార్కస్‌లోని యెమెనీ కుటుంబాలు పాటించే షాఫియీ పద్ధతిలో అతను మళ్లీ వుజూ చేయాల్సిందే. ఇద్దరూ ఈ హదీసే చూపిస్తారు. పనులు సంకల్పాలను బట్టే అంటే పని చెల్లడమా, పని ఫలమా అన్న దగ్గర వేరుపడ్డారు.

ఎనిమిది వారాల తర్వాత ఆ చార్టును మసీదు గోడకు అంటించాను. ముందు ఆ కుర్రాడిని పిలిచి, ఆ రోజు నేను చెప్పింది తప్పు, కథ వేరు, హదీసు వేరు అని అందరి ముందే చెప్పాను. అతను చార్టు దగ్గరికి వెళ్లి వేలితో కింద నుంచి పైదాకా గీత పట్టుకుని వెళ్లాడు, యహ్యా దగ్గర ఆగి, "ఇక్కడి నుంచి ఒక్కరేనా?" అన్నాడు. ఒక్కరే అన్నాను. ఉమ్మె ఖైస్ పేరును చార్టు అంచున వేరే రంగుతో, ఏ గీతకూ కలపకుండా రాసి ఉంచాను.