యూఎస్‌బీ డ్యాక్ కొనేముందు నేను చూసిన స్పెసిఫికేషన్లు

నా హెడ్‌ఫోన్ 300 ఓమ్స్‌ది, సెన్సిటివిటీ 1 వోల్ట్‌కి 97 డెసిబెల్స్. ల్యాప్‌టాప్ జాక్‌కి పెడితే వాల్యూమ్ మొత్తం పెంచినా చప్పగానే ఉండేది, అందుకే డిజిటల్ పాటని అనలాగ్ సిగ్నల్‌గా మార్చే డ్యాక్, ఆ సిగ్నల్‌ని పెంచే యాంప్ రెండూ ఒకే డబ్బాలో ఉన్నదాని కోసం వెతికాను. ఎక్కడ చూసినా 32 బిట్, 768 కిలోహెర్ట్జ్ అని పెద్ద పెద్ద అక్షరాలు! మనం వినే పాటల్లో చాలావరకు 16 బిట్, 44.1 కిలోహెర్ట్జ్‌వే, కాబట్టి ఆ అంకెలు పక్కన పెట్టేశాను. చిప్ పేరు కూడా అంతే, దాని చుట్టూ సర్క్యూట్ ఎలా కట్టారన్నది పేరు చెప్పదు.

అసలు చూడాల్సింది వోల్టేజ్. డ్రమ్ దెబ్బలాంటివి ఒక్క క్షణం 110 డెసిబెల్స్ దాకా వెళ్లే వీలుంటే నాకు చాలు (సగటున వినేది అంతకన్నా చాలా తక్కువ, అలాగే ఉండాలి కూడా). 97 నుంచి 110 అంటే 13 డెసిబెల్స్ ఎక్కువ, అంటే వోల్టేజ్ దాదాపు నాలుగున్నర రెట్లు, 4.5 వోల్ట్‌లు. దాన్ని వర్గం చేసి 300తో భాగిస్తే 67 మిల్లీవాట్లు, అంతే.

ఒకదాని మీద 500 మిల్లీవాట్లు అని ఉంది, కిందకి వెళ్లి చూస్తే అది 16 ఓమ్స్ దగ్గర కొలిచింది. అంటే 2.8 వోల్ట్‌లు. 300 ఓమ్స్ దగ్గర కూడా వోల్టేజ్ అంతే ఉంటే వచ్చేది 27 మిల్లీవాట్లే, నాకు 4 డెసిబెల్స్ తక్కువ. కొన్నిటికి తక్కువ ఓమ్స్ దగ్గర కరెంట్ అడ్డం పడుతుంది, 300 దగ్గర ఇంకాస్త ఎక్కువ వోల్టేజే ఇవ్వొచ్చు, అందుకే ఈ లెక్క మీదే తీర్పు చెప్పలేం. 300 ఓమ్స్ రేటింగ్ విడిగా రాసినవే లిస్టులో ఉంచుకున్నాను, రాయనివాళ్లని అడిగే ఓపిక నాకు లేదు.

ఇయర్‌ఫోన్లు కూడా వాడతాను కాబట్టి అవుట్‌పుట్ ఇంపీడెన్స్, అంటే యాంప్ అవుట్‌పుట్‌కి సొంతంగా ఉండే నిరోధం, కూడా చూశాను. లోపల చాలా డ్రైవర్లున్న ఇయర్‌ఫోన్ ఒక ఫ్రీక్వెన్సీ దగ్గర 8 ఓమ్స్, ఇంకోదగ్గర 40 ఓమ్స్ ఉందనుకోండి. యాంప్‌ది 10 ఓమ్స్ అయితే ఆ రెండు చోట్ల వాల్యూమ్‌కి మధ్య 5 డెసిబెల్స్ తేడా వచ్చేస్తుంది, పాట రంగే మారిపోతుంది. 1 ఓమ్ అయితే ఒక డెసిబెల్ కూడా ఉండదు.

చివరికి 1 ఓమ్ లోపు అవుట్‌పుట్ ఇంపీడెన్స్, 300 ఓమ్స్‌కి 100 మిల్లీవాట్లు, సిగ్నల్‌ని ఎంత పెంచాలో ఎంచుకోడానికి లో, హై అని రెండు గెయిన్లు ఉన్నది తీసుకున్నాను. రాగానే రాత్రి పూట ఏ పాటా పెట్టకుండా ఇయర్‌ఫోన్లు తగిలించి వాల్యూమ్ పెంచి చూశాను. హై గెయిన్‌లో సన్నగా 'స్స్' మని వినిపిస్తోంది, లో గెయిన్‌లో లేదు. ఇప్పుడు ఇయర్‌ఫోన్లకి లో, హెడ్‌ఫోన్‌కి హై. మార్చేటప్పుడు ముందు వాల్యూమ్ తగ్గించుకోవాలి, లేకపోతే చెవులకి గట్టిగా తగులుతుంది.