కావలిలో గోడ గడియారం ముందు తయారైన నా ఈఏపీసెట్ టైం షీటు

ఈఏపీసెట్ ఇంజినీరింగ్ పేపరు లెక్క మీకు తెలిసిందే. మ్యాథ్స్ 80, ఫిజిక్స్ 40, కెమిస్ట్రీ 40, మొత్తం 160 బిట్లకు 180 నిమిషాలు. నెగెటివ్ మార్కులు లేవు. ఏ సబ్జెక్టుకు ఎంత సమయం అన్నది మన ఇష్టం. నాకు ఇబ్బంది వచ్చింది ఈ చివరి మాట దగ్గరే.

మొదటిసారి పాత పేపరు తీసుకుని, ఇంట్లో గోడ గడియారం ముందు కూర్చుని, మూడు గంటలు లేవకుండా రాశాను. వరుసలో మ్యాథ్స్ ముందు ఉంది కాబట్టి అక్కడే మొదలుపెట్టాను. మ్యాథ్స్‌కు 118 నిమిషాలు, ఫిజిక్స్‌కు 43 నిమిషాలు పట్టాయి. కెమిస్ట్రీకి 19 మిగిలాయి. అందులో 26 బిట్లు చూడగలిగాను. మిగతా 14 ప్రశ్నలైనా చదవకుండా గీతలు పెట్టేశాను. మొత్తం 86 మార్కులు వచ్చాయి. మరుసటి రోజు ఉదయం ఆ 14 బిట్లను తీరిగ్గా చేస్తే 12 నిమిషాల్లో అయిపోయాయి, 9 ఒప్పు. పరీక్షలో గుడ్డిగా పెట్టిన గీతలకు వాటిలో 3 మార్కులు పడ్డాయి. అంటే 12 నిమిషాలు లేకపోవడం వల్ల 6 మార్కులు పోయాయన్నమాట.

"కెమిస్ట్రీ ముందు రాయి" అని ఎవరైనా చెబుతారు. నేనూ విన్నాను. కానీ ఎవరో చెప్పిన వరుస పట్టుకోవడం కంటే, ఆ 12 నిమిషాలు మ్యాథ్స్‌లో ఎక్కడ కరిగిపోయాయో చూడాలనిపించింది. మా మ్యాథ్స్ సార్‌కు పేపరు చూపిస్తే ఆయన తప్పుల వైపు కూడా చూడలేదు. "ఏ లెక్క తప్పు చేశావో తర్వాత చూద్దాం. ఒక్కో లెక్కలో మూడో నిమిషంలో ఏం చేస్తున్నావో ముందు చెప్పు" అన్నారు. నా దగ్గర జవాబు లేదు, ఎందుకంటే నేను రాసుకోలేదు.

అక్కడి నుంచి ప్రతి పేపరులోనూ రెండు పనులు చేశాను. ప్రతి 10 బిట్లకు ఒకసారి గడియారం చూసి మార్జిన్లో నిమిషం వేశాను. ఏదైనా లెక్క రెండు నిమిషాలు దాటిందనిపిస్తే దాని చుట్టూ సున్నా చుట్టి, వదిలేటప్పుడు ఎన్ని నిమిషాలు పట్టిందో పక్కన వేశాను. ప్రతి బిట్‌కూ సమయం రాద్దామని ఒకసారి ప్రయత్నించాను. గడియారం చూడటంతోనే సరిపోయింది, ఆలోచన తెగిపోయింది. పదికి ఒకసారి చాలు.

ఇలా ఏడు పేపర్లు రాసి రెంటిని పక్కన పడేశాను. ఒకటి మధ్యలో భోజనానికి లేచి రెండు ముక్కలుగా రాసింది. ఇంకొకదానిలో అంతకుముందే చేసిన బిట్లు చాలా ఉన్నాయి, సమయాలన్నీ అబద్ధంగా బాగున్నాయి. షీటు తయారుచేసేటప్పుడు మనసు ఇలాంటి పేపర్ల వైపే లాగుతుంది. బాగా రాసిన రోజు అంకెలతో షీటు వేసుకుంటే అసలు పరీక్షలో మొదటి గంటలోనే వెనకబడిపోతాం.

మిగిలిన ఐదు పేపర్ల మ్యాథ్స్ అంతా కలిపి లెక్క వేశాను. 400 బిట్లలో 95 రెండు నిమిషాలు దాటాయి. వాటి మీద పోయిన సమయం 310 నిమిషాలు. వాటిలో 38 ఒప్పు. చూడగానే ఫరవాలేదనిపించింది. ఆ పక్కనే ఇంకో లెక్క వేశాను. నెగెటివ్ లేదు, నాలుగు ఆప్షన్లు ఉన్నాయి. ఆ 95నీ చదవకుండా గీతలు పెట్టి ఉంటే సగటున 24 దాకా వచ్చేవి. అంటే నా 310 నిమిషాల కష్టానికి నిజంగా దక్కినవి 14 మార్కులే. ఒక్కో మార్కుకు 22 నిమిషాలు! చదవని కెమిస్ట్రీ బిట్లలో మార్కుకు పడేది 2 నిమిషాలు. నా షీటు మొత్తం ఈ రెండు అంకెల మీదే నిలబడింది, కెమిస్ట్రీని ముందుకు తెచ్చిందీ అందుకే.

ఫిజిక్స్‌కూ ఇదే లెక్క వేశాను. 200 బిట్లలో 40 రెండు నిమిషాలు దాటాయి, 130 నిమిషాలు తిన్నాయి, 22 ఒప్పు. ఊహకు వచ్చే 10 తీసేస్తే 12 మార్కులు, అంటే మార్కుకు 11 నిమిషాలు. మ్యాథ్స్ కంటే రెట్టింపు లాభం. ఈ పోలిక నాది మాత్రమే. మీ లెక్కలో మ్యాథ్సే ముందుండవచ్చు. ఊహకు పావు వంతు అన్నది కూడా సగటు మాటే. ఇరవై బిట్లలో ఒకరోజు రెండు తగులుతాయి, ఒకరోజు ఎనిమిది.

ఇక షీటు. మ్యాథ్స్‌లో ఒక పేపరుకు సుమారు 61 బిట్లు రెండు నిమిషాల లోపు అయిపోతున్నాయి. ఒక్కొక్కటి సగటున 55 సెకన్లు, అంటే 56 నిమిషాలు. మిగతా 19 బిట్లనూ చదవాలి, మొదటి అడుగు తడుతుందో లేదో చూడాలి, తట్టకపోతే వదలాలి. దానికి ఒక్కోదానికి 40 సెకన్లు ఇచ్చాను, దాదాపు 13 నిమిషాలు. కలిపి మ్యాథ్స్ మొదటి చుట్టుకు 70 నిమిషాలు. ఇదే పద్ధతిలో కెమిస్ట్రీకి 30, ఫిజిక్స్‌కు 42 వచ్చాయి. 38 నిమిషాలు మిగిలాయి. వాటిలో 30 రెండో చుట్టుకు, చివరి 8 ఖాళీ బిట్లు నింపడానికి.

ఆ 8 నిమిషాలు ఎందుకని మా అన్నయ్య నవ్వాడు. కానీ అసలు పరీక్ష కంప్యూటర్ మీద. అక్కడ ఊహించి పెట్టడం ఓఎంఆర్ మీద సున్నాలు దిద్దినంత తేలిక కాదు. ఆప్షన్ నొక్కి 'సేవ్ అండ్ నెక్స్ట్' నొక్కితేనే జవాబు నిలుస్తుంది. ఆప్షన్ నొక్కి, పక్కనున్న ప్రశ్నల అంకెల్లో నేరుగా ఇంకోదాని మీద నొక్కితే ముందుది సేవ్ కాదు. మాక్ టెస్టులో నేను 24 ఖాళీలు నింపడానికి 4 నిమిషాలు పట్టింది, అదీ మూడు సబ్జెక్టుల్లో వెతుక్కుంటూ. దానికి రెట్టింపు పెట్టుకున్నాను.

షీటులో గడిచిన నిమిషాలు కాదు, ఇంకా మిగిలి ఉండాల్సిన నిమిషాలు రాసుకోండి. తెర మీద కనిపించేది తగ్గుతూ పోయే గడియారం. "కెమిస్ట్రీ 30 నిమిషాలు" అని గుర్తుపెట్టుకుంటే ప్రతిసారీ 180లోంచి తీసివేత చేయాలి, కంగారులో అదీ తప్పుతాం. నేను రాసుకున్నది ఇంతే: కెమిస్ట్రీ అయ్యేసరికి 150, మ్యాథ్స్ అయ్యేసరికి 80, ఫిజిక్స్ అయ్యేసరికి 38, రెండో చుట్టు ఆపేసరికి 8. హాల్లోకి కాగితం తీసుకెళ్లనివ్వరు కాబట్టి నాలుగు అంకెలు దాటితే ఏ షీటూ పనికిరాదు. పరీక్ష మొదలుకాగానే వాళ్లిచ్చిన రఫ్ కాగితం మీద మొదట రాసేది ఈ నాలుగే.

మ్యాథ్స్ మధ్యలో ఇంకో గుర్తు కావాలనిపించింది, 80 బిట్లు ఒకే విడతకు ఎక్కువ. సగం బిట్లకు సగం సమయం, అంటే 40వ బిట్‌కు 115 మిగలాలి అని పెట్టుకున్నాను. ఇది తప్పు. మార్జిన్లో పదికొకసారి వేసిన నిమిషాలు చూస్తే తెలిసింది. నేను రాసిన పాత పేపర్లలో మ్యాథ్స్ బిట్లు దాదాపు సిలబస్ వరుసలోనే వచ్చాయి, బీజగణితం, త్రికోణమితి ముందు, కలనగణితం చివర. త్రిభుజ ధర్మాలు వచ్చే దగ్గర నా పది బిట్లకు 13 నిమిషాలు పడుతున్నాయి, చివర అవకలనం దగ్గర 7 చాలుతున్నాయి. మొదటి 40 బిట్లకే 39 నిమిషాలు. కాబట్టి అక్కడ 111 కనిపిస్తే నేను వెనకబడినట్టు కాదు. ఈ సంగతి తెలియక ఒక పేపరులో 40వ బిట్ దగ్గర కంగారుపడి, తర్వాతి పది బిట్లలో తెలిసినవే నాలుగు తప్పు చేశాను.

షీటు వేశాక మొదటి పేపరు కాగితం మీద సరిగ్గా నడిచింది. రెండోది స్నేహితుడి ల్యాప్‌టాప్ మీద రాస్తే మ్యాథ్స్ అయ్యేసరికి 80 బదులు 76 ఉంది. మూడోసారీ అంతే. కెమిస్ట్రీ, ఫిజిక్స్ మారలేదు, మ్యాథ్సే. కారణం వెతికితే దొరికింది: కాగితం మీదైతే ప్రశ్న పక్కనే లెక్క చేస్తాం, పటం మీదే గీస్తాం. తెర మీద ఉన్న మాత్రికనో సమీకరణాన్నో ముందు రఫ్ కాగితం మీదికి దింపుకోవాలి. ఒక్కోసారి గుర్తు మార్చి దింపుకుని మొత్తం మళ్లీ చేశాను. ఇది శ్రద్ధతో తగ్గేది కాదు, సమయం ఇవ్వాల్సిందే. మ్యాథ్స్‌ను 74 చేశాను, రెండో చుట్టును 26కు తగ్గించాను. అంకెలు 150, 76, 34, 8 అయ్యాయి. 40వ బిట్ దగ్గర 109.

రెండో చుట్టులో ఫిజిక్స్ ముందు, తర్వాత మ్యాథ్స్. అదీ మొదటి అడుగు తెలిసి, లెక్క పొడవని వదిలినవే. వాటికి రఫ్ కాగితం మీద బిట్ నంబరు వేసి కింద గీత గీసేవాణ్ణి. అసలు తట్టని వాటికి నంబరు కూడా వేయలేదు, అవి చివరి 8 నిమిషాలవి.

వెనకబడితే ఏం చేయాలన్నది కూడా షీటులో భాగమే. నాది ఒకటే నియమం: ఆలస్యమంతా రెండో చుట్టులోంచే కోసుకోవాలి. ఫిజిక్స్ 42 నుంచి తీయకూడదు, వేగం పెంచకూడదు, చివరి 8 ముట్టుకోకూడదు. వేగం పెంచిన ప్రతిసారీ రెండు నిమిషాల లోపు బిట్లలో తప్పులు పెరిగాయి, నా మార్కుల్లో ఎక్కువ భాగం వచ్చేది వాటి నుంచే.

షీటు కుదిరాక రాసిన రెండు పేపర్లలో 95, 92 వచ్చాయి. కొత్తగా ఒక్క చాప్టరు కూడా చదవలేదు. ఇంకా పైకి పోవాలంటే మాత్రం షీటుతో పని కాదు, త్రిభుజ ధర్మాలు చదవాలి. నేను చదివాను, మూడు వారాలు. ఆ తర్వాత ఆ పది బిట్లు 13 నుంచి 10 నిమిషాలకు వచ్చాయి, 40వ బిట్ అంకెను 112కు, మ్యాథ్స్‌ను 79కి మార్చుకుని, మిగిలిన 3 నిమిషాలను రెండో చుట్టుకు కలిపాను.

పరీక్ష నాకు నెల్లూరులో మధ్యాహ్నం విడతలో పడింది. మే నెల ఎండలో కావలి నుంచి బస్సులో వెళ్లి, తల వేడెక్కిన స్థితిలోనే కూర్చున్నాను. కెమిస్ట్రీ అయ్యేసరికి 151. మ్యాథ్స్ అయ్యేసరికి 79 బదులు 75, ఫిజిక్స్ అయ్యేసరికి 33. రెండో చుట్టుకు 29 అనుకున్నది 25 అయింది. గీత గీసిన నంబర్లు 14 ఉన్నాయి, 9 చేయగలిగాను. పదో లెక్క సగంలో ఉండగా గడియారం 8 చూపించింది. వదలబుద్ధి కాలేదు, అయినా వదిలి ఖాళీలు నింపడం మొదలుపెట్టాను. 22 ఉన్నాయి. చివరిది సేవ్ చేసేసరికి ఇంకా మూడు నిమిషాలున్నాయి, ఆ సగంలో ఆపిన లెక్క దగ్గరికి తిరిగి వెళ్లాను.