తక్‌పట్టీ ఫొటో పంపాలంటే లింకా, బేస్64నా? నా అనుభవం

వరంగల్ ఎనుమాముల మార్కెట్‌లో మిర్చి అమ్మిన రైతులకు అడ్తిదారులు ఇచ్చే తక్‌పట్టీల ఫొటోలను విజన్ మోడల్‌తో చదివించి, బస్తాల సంఖ్యను, తూకాన్ని, ధరను లెక్కల్లోకి ఎక్కించే పని హన్మకొండలోని మా చిన్న బృందానికి వచ్చింది. ఫోన్లలో తీసిన ఫొటోలు మా సర్వర్‌కు చేరేవి, అక్కడి నుంచి ఏపీఐ ద్వారా మోడల్‌కు వెళ్లాలి.

మొదట లింకులే పంపాము, ఎందుకంటే ఫొటో ఎంత పెద్దదైనా రిక్వెస్ట్‌లో వెళ్లేది ఒక్క అడ్రస్ మాత్రమే. అయితే ఆ అడ్రస్ నుంచి ఫొటోను తెచ్చుకునేది మోడల్ నడిపే సంస్థ సర్వర్ కాబట్టి, localhost లింకు గానీ ఆఫీసు లోపలి నెట్‌వర్క్ లింకు గానీ దానికి అందదు. తక్‌పట్టీ మీద రైతు పేరు ఉంటుంది కనుక ఫొటోలను అందరికీ తెరిచి పెట్టలేక, ఐదు నిమిషాలకు గడువు తీరే సైన్డ్ లింకులు వాడాము. సీజన్‌లో మా క్యూ పెరిగిన రోజున, పట్టీ వంతు వచ్చేసరికే గడువు తీరిపోయేది. మోడల్ వైపు నుంచి ఫొటో తెచ్చుకోలేకపోయామనే ఎర్రర్ మాత్రమే కనిపించింది, అసలు కారణం మా స్టోరేజ్ లాగ్‌లో 403గా దొరికింది. ఇలాంటి చోట లాగ్‌లో ఎంట్రీయే లేకపోతే వాళ్ల సర్వర్ మన దాకా రాలేదని, 403 ఉంటే వచ్చి తిరిగిపోయిందని అర్థం.

గడువు పెంచడం కంటే ఫొటోనే రిక్వెస్ట్‌లో పెట్టడం మేలనిపించింది. అందుకు ఫొటోను అక్షరాలుగా మార్చే బేస్64లో ప్రతి 3 బైట్లు 4 అక్షరాలవుతాయి కాబట్టి 3 ఎంబీ ఫొటో 4 ఎంబీ అవుతుంది, రిక్వెస్ట్ సైజుకు పరిమితి కూడా ఉంటుంది. అందుకే పంపే ముందు పొడవాటి అంచును 1500 పిక్సెళ్లకు తగ్గించాము. అంకెలు అప్పటికీ స్పష్టంగానే ఉన్నాయి. టోకెన్లు సాధారణంగా చిత్రం కొలతలను బట్టి లెక్కకు వస్తాయి గనుక, బేస్64 వల్ల ఆ ఖర్చేమీ పెరగదు.

కొన్ని పట్టీలు మాత్రం 400 ఎర్రర్‌తో వెనక్కి వచ్చాయి. ఫైలు పేరు చివర .jpg ఉన్నా లోపల ఉన్నది స్క్రీన్‌షాట్ పీఎన్‌జీ, మేము ప్రకటించిన రకమేమో image/jpeg. పేరును నమ్మకుండా మొదటి అక్షరాలు చూస్తే చాలు:

```
base64 -w 0 patti.jpg | head -c 5
```

`/9j/` తో మొదలైతే జేపెగ్, `iVBOR` అయితే పీఎన్‌జీ, `PCFET` వస్తే ఎక్కడో ఫొటోకు బదులు వెబ్ పేజీని దించుకున్నామన్నమాట. లినక్స్‌లో `-w 0` లేకపోతే 76 అక్షరాలకొకసారి లైను విరుగుతుంది, చేత్తో కూర్చిన జేసన్ అక్కడే చెడిపోతుంది.

ఒకే పట్టీ మీద వరుసగా ప్రశ్నలు అడిగే స్క్రీన్‌లో లింకునే ఉంచాము. సంభాషణ మొత్తాన్ని ప్రతిసారీ మళ్లీ పంపాల్సిన ఏపీఐ అది, బేస్64 అయితే ప్రతి ప్రశ్నతో ఫొటో కూడా మళ్లీ వెళ్లాలి. అక్కడ క్యూ ఉండదు కాబట్టి, ప్రతి ప్రశ్నకూ కొత్త సైన్డ్ లింకు తయారు చేస్తే గడువు సమస్య రాలేదు.