"ర" అక్షరాన్ని దారంతో చూపించడానికి నేను పడ్డ పాట్లు

పిల్లల బట్టలు అమ్మే ఒక చిన్న బ్రాండ్ కోసం 60 మిల్లీమీటర్ల గుండ్రటి ఎంబ్రాయిడరీ ప్యాచ్‌కి మాకప్, అంటే తయారయ్యాక ఎలా ఉంటుందో ముందే చూపించే బొమ్మ, చెయ్యాల్సి వచ్చింది. నేవీ బ్లూ ట్విల్ గుడ్డ, మధ్యలో పసుపు రంగు "ర". నేను లోగో మీద రెడీమేడ్ దారం టెక్స్చర్ ఒకటి పరిచి, అంచుకి కొంచెం ఉబ్బు ఇచ్చి పంపేశాను. క్లయింట్‌కి నచ్చింది, ఓకే అన్నారు.

వారం తర్వాత శాంపిల్ వచ్చింది. క్లయింట్ ఫోన్ చేసి, "పసుపు రెండు రకాలుగా ఉందండీ, పక్కల మెరుస్తోంది, పైనా కిందా డల్‌గా ఉంది. దారం మార్చేశారా?" అని అడిగారు. నాకు టెన్షన్ పట్టుకుంది. ప్యాచ్ తీసుకుని నేరుగా ఎంబ్రాయిడరీ యూనిట్‌కి వెళ్లాను. అక్కడ పంచింగ్, అంటే మెషిన్ కోసం కుట్ల దారి గీసే పని, చేసే మాస్టర్ నా మాకప్ ప్రింట్ చూసి ఒకే మాట అన్నారు: "బాబూ, నీ బొమ్మలో దారం మొత్తం ఒకే వైపు పోతోంది. సాటిన్ కుట్టు అలా నడవదు."

ఆయన ఇచ్చిన భూతద్దంలో చూశాక అర్థమైంది. సాటిన్‌లో దారం గీత వెంబడి పోదు, గీతకి అడ్డంగా ఒక అంచు నుంచి రెండో అంచుకి పోతుంది. "ర" దాదాపు ఒక చక్రం కాబట్టి దారాలన్నీ సైకిల్ చక్రం పుల్లల్లా నిలబడతాయి. ఎడమ, కుడి పక్కల అవి అడ్డంగా ఉంటాయి, పైనా కిందా నిలువుగా ఉంటాయి. వెలుగు పైనుంచి పడితే అడ్డంగా ఉన్న దారం మెరుస్తుంది, నిలువుగా ఉన్నది మసకగా కనిపిస్తుంది. దారం ఒకటే, రంగు ఒకటే. ప్యాచ్‌ని చేతిలో పావు చుట్టు తిప్పితే మెరుపు కూడా చోటు మారింది! క్లయింట్‌కి ఆ మాట నేను మాకప్‌లోనే చూపించి ఉండాల్సింది.

ఇంటికొచ్చి మొదటినుంచి మొదలుపెట్టాను. ముందు కొలత. మామూలుగా వాడే 40 నంబర్ దారం వరసల మధ్య ఎడం దాదాపు 0.4 మిల్లీమీటర్లు. నా చక్రం బయటి వ్యాసం 36, గీత మందం 6. గీత నడిమధ్య చుట్టుకొలత దాదాపు 94 మిల్లీమీటర్లు, అంటే ఒక చుట్టుకి 235 దారాలు. పాత మాకప్‌లో లెక్కపెడితే 70 కూడా లేవు. అందుకే అది దారంలా కాకుండా తాడులా కనిపించింది.

ఇలస్ట్రేటర్‌లో 0.4 వెడల్పు, 6 పొడవు ఉన్న ఒక్క కుట్టు గీసి, దాన్ని `Pattern Brush`గా చేసి, "ర" నడిమి గీత మీద వేశాను. బ్రష్ గీతతో పాటు తిరుగుతుంది కాబట్టి ప్రతి కుట్టూ దానంతటదే అడ్డంగా కూర్చుంది. కానీ ఇక్కడో చిక్కుంది. వంపులో బ్రష్ కుట్టుని సాగదీసి, బయటి వైపు లావుగా, లోపలి వైపు సన్నగా చేస్తుంది. నిజమైన దారం అలా లావెక్కదు. బయటి అంచున వరసల మధ్య సందు కొంచెం పెరుగుతుంది, లోపలి అంచున దారాలు ఇరుక్కుంటాయి. పెద్ద చక్రంలో ఈ తేడా కంటికి ఆనలేదు. తలకట్టు తిరిగే చిన్న మలుపులో మాత్రం కుట్లు విసనకర్రలా విచ్చుకున్నాయి. అక్కడ `Expand Appearance` ఇచ్చి, కుట్లన్నీ ఒకే మందానికి తెచ్చి, లోపలి వైపు ఒకటి విడిచి ఒకటి పొట్టిగా చేశాను. మాస్టర్ కూడా పంచింగ్‌లో అక్కడ పొట్టి కుట్లే వేశారు, లేకపోతే సూది ఒకేచోట పడి గుడ్డ తెగుతుంది.

తర్వాత ఫోటోషాప్‌లో పక్కలకి వెలుగు పెంచి, పైనా కిందా తగ్గించాను. ఒక్కసారిగా మారకుండా, దారం కోణం మారేకొద్దీ మెల్లగా మారేలా చూసుకున్నాను. ఇందులోనే ఎక్కువ సమయం పోయింది, పోనివ్వాలి కూడా.

అక్షరం కింద 3 మిల్లీమీటర్ల ఎత్తులో ఊరి పేరు ఉండేది. ఆ ఎత్తులో మొత్తం ఏడెనిమిది దారాలే పడతాయి, ఒత్తు ముద్దైపోతుంది. దాన్ని ప్యాచ్ నుంచి తీసేసి, మెడ దగ్గర కుట్టే నేత లేబుల్ మీదికి మార్పించాను. ఆ లేబుల్ మాకప్‌కి ఈ తిప్పుడంతా పనికిరాదు. నేతలో దారం పడుగూ పేకే, అంటే నిలువూ అడ్డమే. అందుకని అక్షరాల వంపుల్ని సన్నటి మెట్లు మెట్లుగా గీశాను.

కొత్త మాకప్‌లో ప్యాచ్‌ని రెండు భంగిమల్లో పెట్టాను: ఒకటి నిటారుగా, ఒకటి పావు చుట్టు తిప్పి. క్లయింట్ శాంపిల్‌ని పక్కన పెట్టుకుని చూసి, "ఓహో, దారం మార్చలేదన్నమాట" అన్నారు. అదే శాంపిల్‌కి ఓకే చెప్పారు.