నా అనుభవం: రెండు ‘ప’ల మధ్య ఒక కత్తిరింపు

నా ఆడియో ప్రాజెక్టుకు నిన్న సాయంత్రం మార్కులు వేశారు. నాలుగు రోజులు పోతే కోపం చల్లారిపోతుంది, చేసిన పనిలో సగం మరిచిపోతాను. అందుకే ఈ రాత్రే కూర్చుని రాస్తున్నాను.

నాకు పుట్టుకతోనే చూపు లేదు. డిగ్రీలో జర్నలిజం చదువుతున్నాను. పది నిమిషాల రేడియో కథనం తయారుచేయమన్నారు. నేను 1986 ఆగస్టులో వచ్చిన గోదావరి వరదను ఎంచుకున్నాను. కోనసీమలో మా అమ్మమ్మగారి ఊళ్లో, ఆ రోజుల్లో పడవ నడిపిన తాతగారు ఒకరున్నారు. ఆయన అరుగు మీద కూర్చుని ఫోన్‌లో నలభై నిమిషాలు రికార్డు చేసుకున్నాను. అక్కడివరకు ఏ ఇబ్బందీ లేదు.

కాలేజీ ల్యాబ్‌లో తెర మీదున్నది చదివి వినిపించే స్క్రీన్ రీడర్ లేదు. ఎన్‌వీడీఏ అనే స్క్రీన్ రీడర్ ఉచితంగా దొరుకుతుంది, ఇన్‌స్టాల్ చేయకుండా పెన్‌డ్రైవ్ నుంచే నడుస్తుంది. ఈ మాట చెబితే ల్యాబ్ చూసే ఆయన, ‘అనుమతి లేనిదే పెన్‌డ్రైవ్ పెట్టనివ్వనమ్మా’ అన్నారు. అర్జీ రాసి ఇచ్చాను. రెండు నెలలైంది, అది ఇప్పటికీ ఆయన బల్ల మీదే ఉంది. నాలాంటి వాళ్లకు నేను చెప్పేది ఒకటే: అర్జీ ఇవ్వండి, రసీదు తీసుకోండి, కానీ దాని కోసం ఎదురుచూడకండి. నేను మా అన్నయ్య పాత ల్యాప్‌టాప్‌లో ఎన్‌వీడీఏ, ఆడియో కత్తిరించే ఆడాసిటీ రెండూ వేసుకున్నాను. అవి వేసుకోవడానికి అరగంట కూడా పట్టలేదు.

అసలు కష్టం ఒక్క వాక్యం దగ్గర వచ్చింది. తాతగారు మాటల్లో ‘ఆ రోజు పదిహేను... కాదు, పదహారో తారీఖు’ అన్నారు. ‘పదిహేను... కాదు’ అన్న ముక్క తీసేయాలి. వినడానికి ఇంతే. దీనికి నాకు పదకొండు రోజులు పట్టింది.

మొదటి రెండు రోజులు ఏం జరుగుతోందో కూడా తెలియలేదు. తప్పు మాట వినగానే స్పేస్ నొక్కి ఆపేదాన్ని. తీరా చూస్తే కర్సర్ అక్కడ ఉండేది కాదు. స్పేస్‌తో ఆపితే ఆడాసిటీ వినడం మొదలుపెట్టిన చోటికే వెనక్కి వెళ్లిపోతుంది. ఆగిన చోటే కర్సర్ నిలవాలంటే X నొక్కాలి. నేను చూసిన వీడియోలన్నింటిలో ‘ఇక్కడ క్లిక్ చేయండి, ఇలా లాగండి’ అని చెప్పినవాళ్లే తప్ప ఈ ముక్క చెప్పినవాళ్లు ఒక్కరూ లేరు.

తర్వాత తీసేయాల్సిన ముక్కను ఎంపిక చేయడం నేర్చుకున్నాను. ఆడియో నడుస్తుండగా [ నొక్కితే ఎంపిక అక్కడ మొదలవుతుంది, ] నొక్కితే అక్కడ ముగుస్తుంది. కానీ చెవి విన్న తర్వాతే కదా వేలు కదిలేది! ఆ కాస్త ఆలస్యంలోనే ఒక అక్షరం దాటిపోతుంది. దాన్ని సరిచేయడానికి షిఫ్ట్‌తో ఎడమ బాణం నొక్కితే ఎంపిక ఒక్కసారిగా వెనక ఉన్న వాక్యంలోకి దూకేది. కంట్రోల్, షిఫ్ట్, కుడి బాణం కలిపి నొక్కి తగ్గించబోతే మాట మొత్తం దాటిపోయేది. ఎంత ప్రయత్నించినా మధ్యలో నిలిచేది కాదు.

అలాగే వదిలేసి ప్రాజెక్టు తొలి ప్రతి ఇచ్చాను. లెక్చరర్ దాన్ని తరగతిలో అందరికీ వినిపించారు. ‘ఆ రో’ దగ్గర టక్కుమని ఒక చప్పుడు, వెంటనే ‘దహారో తారీఖు’. వెనక బెంచీల్లో నవ్వు. ఆయన ఆపేసి, ‘ఇది వేవ్‌ఫామ్ చూసి కత్తిరించాల్సిన పనమ్మా. ఎవరైనా స్నేహితురాలితో చేయించుకో, మార్కులు తగ్గించనులే’ అన్నారు. ఆయన దయతోనే అన్నారని నాకు తెలుసు. ఆ దయ ఆ నవ్వు కంటే ఎక్కువ బాధించింది. ప్రాజెక్టు మీద నా పేరు ఉండి, కత్తిరింపు ఇంకొకరిదైతే దాన్ని నేను నాది అనుకోలేను. మధ్యాహ్నం అన్నం తినలేకపోయాను.

ఆ రాత్రి ఆడాసిటీ సహాయ పుటలు మొదటి నుంచి చివరిదాకా చదివించుకున్నాను. ఒక వాక్యం దగ్గర ఆగి మళ్లీ మళ్లీ విన్నాను: బాణం ఒకసారి నొక్కితే ఎంపిక తెర మీద ఒక్క పిక్సెల్ కదులుతుంది. నా నలభై నిమిషాల ఫైలు మొత్తం ఒకే తెరలో ఇరుక్కుని ఉంది. తెర వెడల్పు సుమారు పన్నెండు వందల పిక్సెళ్లు అనుకుంటే, ఒక్కో పిక్సెల్‌కు రెండు సెకన్ల మాట పడుతుంది. అందుకే బాణం నొక్కినప్పుడల్లా వాక్యాలు దాటిపోయాయి. జూమ్ అనేది కళ్లున్నవాళ్ల కోసమేననుకుని నేను దాని జోలికే పోలేదు. నిజానికి నా వేలు ఎంత దూరం కదలాలో నిర్ణయించేది అదే. Ctrl+2 నొక్కితే మామూలు జూమ్ వస్తుంది. అప్పుడు ఒక్కో నొక్కుకు ఎంపిక ఇంచుమించు సెకనులో వందో వంతు జరుగుతుంది. ఆపైన Ctrl+1 నొక్కిన ప్రతిసారీ ఆ అడుగు సగమవుతుంది. మూడుసార్లు నొక్కాను. అడుగు ఎనిమిదో వంతుకు తగ్గింది.

ఇక ఎక్కడ కత్తిరించాలి? మన మాటలు చాలావరకు అచ్చుతో ముగుస్తాయి, ఆ అచ్చు తర్వాతి మాటలోకి సాగుతుంది. అచ్చు మధ్యలో కోస్తే టక్కుమంటుంది. తరగతిలో వినబడింది అదే. కానీ ‘ప’ పలకాలంటే ముందు పెదవులు మూసుకోవాలి. ఆ మూసుకున్న క్షణంలో, సెకనులో పదో వంతు లోపే, గొంతు దాదాపు నిశ్శబ్దంగా ఉంటుంది. ‘పదిహేను’ మొదట్లో ‘ప’, ‘పదహారో’ మొదట్లోనూ ‘ప’. మొదటి ‘ప’ పేలక ముందున్న నిశ్శబ్దంలో ఎంపిక మొదలుపెట్టి, రెండో ‘ప’ పేలక ముందు ముగించాలి. రెండు చోట్లా పెదవులు ఒకేలా మూసుకుని ఉంటాయి కాబట్టి అతుకు వినబడదు. క, ట, త, ప దగ్గర ఈ చోటు దొరుకుతుంది. మ, న, ల, వ దగ్గర దొరకదు, ఎందుకంటే అక్కడ గొంతు మోగుతూనే ఉంటుంది.

సరైన చోట ఉన్నానో లేదో తెలుసుకోవడానికి నాకు రెండు మీటలు చాలు. ఆడాసిటీ Preferences‌లో Keyboard కింద Defaults‌ను Full చేసుకుంటేనే ఇవి పనిచేస్తాయి. Shift+F5 నొక్కితే ఎంపికకు ముందు మిగలబోయే ముక్క కాస్త వినబడుతుంది. ‘ఆ రోజు’ దగ్గర శుభ్రంగా ఆగాలి. చివర ‘ప్’ తగిలితే ఎంపిక ఆలస్యంగా మొదలైందన్నమాట. Shift+F8 నొక్కితే ఎంపిక తర్వాత మిగిలేది వినబడుతుంది. ‘పదహారో’ నిండుగా రావాలి. ‘దహారో’ అని వస్తే చివరను వెనక్కి లాగాలి. రెండూ కుదిరాక C నొక్కాను. అది ఎంపికను తీసేస్తే ఎలా ఉంటుందో తీయకుండానే వినిపిస్తుంది. ‘ఆ రోజు పదహారో తారీఖు.’ అదొక్కటీ ఇరవైసార్లు విన్నాను. తర్వాతే డిలీట్ నొక్కాను.

రెండో ప్రతి వినిపించినప్పుడు లెక్చరర్ హెడ్‌ఫోన్ పెట్టుకుని ఆ చోటు మూడుసార్లు తిప్పి విన్నారు. ‘ఎవరు కత్తిరించారమ్మా?’ అన్నారు. ల్యాప్‌టాప్ తెరిచి అసలు ఫైలు మీద ఆయన ముందే మళ్లీ చేశాను. మూడు నిమిషాలు పట్టింది. మా తరగతిలో మౌస్‌తో కోసినవాళ్ల అతుకులు చాలా వాటిలో నాకు వినబడ్డాయి. ఆ మాట ఆయనతోనే చెప్పాను, చోట్లు కూడా చెప్పాను. ఆయన మౌనంగా రాసుకున్నారు.

ఇంకో చోటు మాత్రం మిగిలిపోయింది. తాతగారి భార్య పశువులు కొట్టుకుపోయిన సంగతి చెబుతుంటే సరిగ్గా ఆ మాట మీదే కోడి కూసింది. రెండు శబ్దాలూ ఒకేసారి వచ్చాయి కాబట్టి ఏ ‘ప’ దగ్గర కోసినా అది పోదు. వచ్చే ఆదివారం మళ్లీ ఆ ఊరు వెళ్లి, అరుగు మీద కాకుండా లోపలి గదిలో కూర్చోబెట్టి, ఆ ఒక్క ముక్క ఆమెతో మరోసారి చెప్పించుకుంటాను.